ఎర్రకణం ఎందుకు పెద్దదైంది?

(పాలకొల్లులో ల్యాబ్ టెక్నీషియన్లు, నర్సులు, గ్రామీణ వైద్యులు కలిసిన ఒక సమావేశంలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం రికార్డు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. ఈ రోజు నేను ఒక్క మనిషి గురించి, ఆయన చేతిలో ఉన్న ఒక్క రిపోర్టు గురించి మాట్లాడతాను. ఆయన పేరు, ఊరు చెప్పను. వయసు 54, రొయ్యల చెరువులు చేసుకునే రైతు అంటే చాలు. ఈ పక్కనున్న ఏ ఊరికైనా సరిపోతుంది కదా!

ఆ రిపోర్టులో హిమోగ్లోబిన్ 11.4 ఉంది. మగవారికి 13 కంటే తక్కువైతే రక్తహీనత అంటాం కాబట్టి ఇది రక్తహీనతే, కాని స్వల్పమైనది. దాని కింద ఎంసీవీ అని ఒక వరుస ఉంటుంది. ఒక్కొక్క ఎర్రకణం సగటున ఎంత పెద్దదిగా ఉందో చెప్పే అంకె అది. 80 నుంచి 100 ఫెమ్టోలీటర్ల వరకు మామూలు. ఈయనకు 112 వచ్చింది. హిమోగ్లోబిన్ చూసి "కొంచెం రక్తం తక్కువగా ఉంది" అని చెప్పేవారు మనలో చాలామంది ఉన్నారు. ఎంసీవీ చూసి ఆగేవారు ఎంతమంది ఉన్నారు? ఈయన విషయంలో మొదట చూసినవారు ఆగలేదు. ఆ సంగతికి తరువాత వస్తాను.

ఎర్రకణం పెద్దదవడానికి మన దగ్గర ఎక్కువగా కనిపించే కారణాలు నాలుగు: బి12 లోపం, ఫోలేట్ లోపం, మద్యం, థైరాయిడ్ మందగించడం. ఈయన ప్రత్యేకత ఏమిటంటే, ఆ నాలుగింటినీ అనుమానించడానికి ఆయన దగ్గరే ఆధారాలున్నాయి. తొమ్మిదేళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ రోజుకు 2 గ్రాములు వేసుకుంటున్నారు. గ్యాస్ అని పాంటోప్రజోల్ నాలుగేళ్లుగా వాడుతున్నారు. రోజూ సాయంత్రం ఒక క్వార్టర్ తాగుతారు. ఆయనే నవ్వుతూ "క్వార్టరే డాక్టరుగారూ, అంతకు మించి ముట్టను" అన్నారు. థైరాయిడ్ మందగిస్తే పెరిగే టీఎస్‌హెచ్ 8.4 ఉంది. ఇక కూరలు, ఆకుకూరలు పెద్దగా తినరు. ఇప్పుడు వీటిలో ఏది దోషి? అన్నీనా? కొన్నా? ఒక్కటేనా?

దానికి ముందు ఇక్కడున్న టెక్నీషియన్లకు ఒక మాట చెప్పాలి. పెద్ద ఎంసీవీ చూడగానే నేను మొదట రోగిని కాదు, గొట్టాన్ని అనుమానిస్తాను. పొద్దున్న ఏడింటికి లంకలో రక్తం తీసి, ఊదా మూత గొట్టాన్ని సంచిలో వేసుకుని, ఇంకో నాలుగు ఇళ్లు తిరిగి, పంటు దాటి, మధ్యాహ్నం బస్సుకు రాజమండ్రి పంపిస్తారు. మే నెల ఎండలో ఆ సంచి లోపల ఎంత వేడి ఉంటుంది? ఆ గొట్టం రాత్రంతా ఉండిపోయి మరునాడు మిషన్‌లోకి వెళ్తే, కణాలు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, ఎంసీవీ తప్పుగా పెరిగి కనిపిస్తుంది. షుగరు బాగా పెరిగిపోయినవారి రక్తంలోనూ మిషన్‌లో కణాలు ఇలాగే ఉబ్బుతాయి. చలికి ఎర్రకణాలు గుంపులుగా అతుక్కునే రక్తమైతే, మిషన్ ఒక గుంపును ఒకే పెద్ద కణంగా లెక్కపెడుతుంది. అప్పుడు కణాల సంఖ్య మరీ తక్కువగానూ, కణంలో హిమోగ్లోబిన్ ఎంత చిక్కగా ఉందో చెప్పే ఎంసీహెచ్‌సీ 36 దాటిపోయీ కనిపిస్తాయి. గొట్టాన్ని 37 డిగ్రీలకు వేడి చేసి మళ్లీ నడిపితే అంకెలు మామూలుకు వస్తాయి.

ఈయన రక్తం మా దగ్గరే తీసి గంటలోపు నడిపాం. ఎర్రకణాలు 30 లక్షలు, హెమటోక్రిట్ 33.6. హెమటోక్రిట్‌ను పదితో హెచ్చించి, మిలియన్లలో ఉన్న కణాల సంఖ్యతో, అంటే 3తో భాగిస్తే 112 వస్తుంది. ఎంసీహెచ్‌సీ 33.9. ఈ అంకెలు ఒకదానికొకటి సరిపోతున్నాయి, గొట్టం తప్పేమీ లేదు. కణాలు నిజంగానే పెద్దవి.

తరువాత అడగవలసిన ప్రశ్న: ఎముకమజ్జ కణాలను తయారు చేయలేకపోతోందా, లేక తయారైన కణాలు బయట పోతున్నాయా? అప్పుడే మజ్జ నుంచి బయటికి వచ్చిన పసి ఎర్రకణాలు, అంటే రెటిక్యులోసైట్లు, ముదిరిన కణాల కంటే పెద్దవి. రక్తం పోతున్నవారిలో, కణాలు పగిలిపోతున్నవారిలో ఇవి గుంపుగా బయటికి వస్తాయి కాబట్టి ఎంసీవీ పెరుగుతుంది. ఈయనకు రెటిక్యులోసైట్లు 1.2 శాతం. రక్తహీనతకు సరిచేస్తే 0.9 అవుతుంది. రక్తం తక్కువైనప్పుడు మజ్జ ఉరకలు వేయాలి, ఇక్కడ అది నింపాదిగా కూర్చుంది. తయారీలోనే లోపం ఉందన్నమాట.

ఇక స్లైడు దగ్గరికి వద్దాం. నన్నడిగితే ఈ మొత్తం కథలో అన్నిటికంటే చవకైన పరీక్ష, అన్నిటికంటే ఎక్కువ చెప్పే పరీక్ష ఇదే. దీన్నే మనం అన్నిటికంటే తక్కువగా చూస్తున్నాం.

బి12, ఫోలేట్ రెండూ కణం విభజన చెందడానికి కావలసిన డీఎన్ఏ తయారీకి అవసరం. అవి లేనప్పుడు కణం చుట్టూ ఉన్న పదార్థం పెరుగుతూనే ఉంటుంది, కేంద్రకం మాత్రం వెనకబడిపోతుంది. రెండుగా చీలవలసిన కణం చీలకుండా పెద్దదై బయటికి వస్తుంది. అందుకే ఈ కణాలు పెద్దవిగా ఉండటమే కాదు, కోడిగుడ్డులా కోలగా ఉంటాయి. ఈ లోపం ఎర్రకణాలకే పరిమితం కాదు. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్ కేంద్రకానికి మామూలుగా మూడు, నాలుగు తమ్మెలుంటాయి. బి12 లేదా ఫోలేట్ లేనప్పుడు అయిదు తమ్మెలున్నవి నూటికి అయిదును మించుతాయి, ఆరు తమ్మెలున్నది ఒక్కటి కనిపించినా అనుమానించాలి. మద్యం వల్ల పెద్దవైన కణాలు అలా ఉండవు. అవి గుండ్రంగా ఉంటాయి, న్యూట్రోఫిల్ మామూలుగానే ఉంటుంది. థైరాయిడ్‌లోనూ అంతే. కాబట్టి మైక్రోస్కోపు ముందు పది నిమిషాలు కూర్చుంటే నలుగురు అనుమానితులు రెండు జట్లుగా విడిపోతారు. ఒక జట్టులో బి12, ఫోలేట్. రెండో జట్టులో మద్యం, థైరాయిడ్.

అంకె కూడా కొంత చెబుతుంది. మద్యం, థైరాయిడ్ ఎంసీవీని సాధారణంగా 100కు, 110కి మధ్య నిలుపుతాయి. 115 దాటితే మొదటి జట్టు వైపే చూడాలి, మెథోట్రెక్సేట్, హైడ్రాక్సీయూరియా వంటి మందులేవీ వాడటం లేదని తేల్చుకున్న తరువాత. ఈయనది 112, అంటే గీత మీద నిలుచున్నాడు. అంకెతో తేలలేదు. స్లైడులో కోల కణాలు కనిపించాయి, ఆరు తమ్మెల న్యూట్రోఫిల్ ఒకటి కనిపించింది. తెల్లకణాలు 4,100, ప్లేట్‌లెట్లు 1,38,000. ఎల్‌డీహెచ్ మామూలుకు రెట్టింపు ఉంది. మజ్జలోనే సగం తయారైన కణాలు చచ్చిపోతున్నాయని దాని అర్థం. మొదటి జట్టే దోషి అని అక్కడికి తేలింది.

ఇప్పుడు బి12నా, ఫోలేట్‌నా? స్లైడు ఈ రెండింటినీ విడదీయలేదు. మజ్జను తీసి చూసినా విడదీయలేదు. అయితే మనిషిని అడిగితే ఒక దారి దొరుకుతుంది. నేను ఆయన్ని కాళ్ల గురించి అడిగాను. ఆయన ఏం చెప్పారో ఉన్నది ఉన్నట్టు చెబుతాను: "ఆరు నెలలుగా తిమ్మిర్లండి. పగలు బాగానే నడుస్తాను. రాత్రి ఏరియేటర్లు చూడటానికి గట్టు మీద వెళ్తే మాత్రం తూలిపోతున్నాను. చెప్పు జారిపోయినా తెలియడం లేదు." చూడండి, పగలు నడక బాగుంది, చీకట్లో పోతోంది. పాదం ఎక్కడుందో వెన్నుపాము మెదడుకు చెప్పడం లేదు కాబట్టి ఆయన కళ్లతో చూసుకుని నడుస్తున్నారు. చీకటి పడితే ఆ ఆసరా కూడా పోయింది. పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి కళ్లు మూసుకోమంటే పక్కకు ఒరిగారు. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కును కాలి బొటనవేలి మీద పెడితే ప్రకంపన తెలియలేదు, చీలమండ దగ్గరా తెలియలేదు.

షుగరు ఉన్నవాడికి తిమ్మిర్లు రావా అని మీరు అడగవచ్చు. వస్తాయి. అందుకే కదా చాలామందిలో ఇది షుగరు ఖాతాలోకి వెళ్లిపోతుంది! కాని ఈయనకు మోకాలి దగ్గర సుత్తితో కొడితే కాలు మామూలు కంటే చురుగ్గా లేచింది, అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేచింది. షుగరు వల్ల దెబ్బతినేది కాళ్లలోని నరాలు. అలాంటప్పుడు మోకాలి ప్రతిస్పందన తగ్గుతుందే తప్ప పెరగదు. పైకి లేచిన బొటనవేలు వెన్నుపాము దెబ్బతిన్నదని చెబుతోంది. ఫోలేట్ లోపం ఇలా చేయడం చాలా అరుదు. బి12 చేస్తుంది. చేతివేళ్ల కణుపుల మీద చర్మం నల్లబడింది, ఇది కూడా మనవారిలో బి12 లోపానికి కనిపించే గుర్తే. ఎండలో పని కదా అనుకుని ఎవరూ పట్టించుకోలేదు.

ఇక్కడ ఒకాయన చెయ్యి ఎత్తారు. ఏమంటున్నారు? ఆ, మంచి ప్రశ్న. పులస తినే ఊళ్లలో, రోజూ చేపో రొయ్యో ఉండే ఇళ్లలో బి12 లోపం ఎలా వస్తుందంటున్నారు. శాకాహారులకే వస్తుందని మనందరికీ ఒక నమ్మకం. చేపలో బి12 పుష్కలంగా ఉంది, నిజమే. కాని అది మాంసకృత్తులకు అంటుకుని ఉంటుంది. దాన్ని విడదీయడానికి కడుపులో ఆమ్లం కావాలి. పాంటోప్రజోల్ ఆ ఆమ్లాన్ని ఆపేస్తుంది. విడిపోయిన బి12 చిన్నపేగు చివరికి చేరి, అక్కడ క్యాల్షియం సాయంతో లోపలికి ఇంకాలి. మెట్‌ఫార్మిన్ ఆ చోట అడ్డుపడుతుంది. ఈయన రోజూ పళ్లెంలో బి12 తింటూనే ఉన్నారు, అది లోపలికి మాత్రం చేరడం లేదు. కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి, మందు మొదలుపెట్టిన ఏడాదికే ఏమీ తెలియదు. ఫోలేట్ నిల్వ అలా కాదు, నాలుగు నెలల్లో అయిపోతుంది. అందుకే తాగుతూ అన్నం సరిగా తినని మనిషికి ఫోలేట్ త్వరగా పోతుంది, బి12 నెమ్మదిగా పోతుంది.

ఇక మొదట్లో దాచిపెట్టిన సంగతి. ఈయన మా దగ్గరికి రావడానికి రెండు నెలల ముందు ఇంకోచోట చూపించుకున్నారు. అప్పుడు హిమోగ్లోబిన్ 10.6. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు, రోజుకు 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు. బి12 పరీక్ష చేయలేదు. రెండు నెలల్లో హిమోగ్లోబిన్ 10.6 నుంచి 11.4కు పెరిగింది. అందరూ సంతోషించారు. ఆ రెండు నెలల్లోనే తిమ్మిర్లు పాదాల నుంచి పిక్కల దాకా ఎక్కాయి. ఎందుకు? ఫోలిక్ యాసిడ్ ఎక్కువ మోతాదులో ఇస్తే, బి12 లేకపోయినా, డీఎన్ఏ తయారీ కొంతవరకు ముందుకు నడుస్తుంది. రక్తం కుదుటపడుతుంది. నరాల పైపొరకు కావలసినది మాత్రం బి12 ఒక్కటే ఇవ్వగలదు. అది అందదు. నరం దెబ్బతింటూనే ఉంటుంది, రిపోర్టు మాత్రం బాగుపడుతూ ఉంటుంది.

ఈ సంగతి మనం కొత్తగా కనిపెట్టింది కాదు. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1945లో అమెరికాలో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేసింది. అది చేతికి రాగానే వైద్యులు ఎర్రకణాలు పెద్దవైన ప్రతివారికీ ఇచ్చి చూశారు. రక్తం పెరిగింది. కాని బి12 ఇంకని జబ్బున్నవారిలో కొందరికి నరాలు ఇంకా పాడయ్యాయి. బి12ను విడిగా వెలికితీసింది 1948లో. మధ్యలో ఆ మూడేళ్లలో నేర్చుకున్న పాఠాన్ని మనం ఇప్పటికీ ఒక్కొక్క రోగి దగ్గర మళ్లీ నేర్చుకుంటున్నాం. ఫోలిక్ యాసిడ్ చెడ్డదని నేననడం లేదు. రక్తం తీసుకున్న తరువాత, బి12 సంగతి తేల్చుకుని ఇవ్వండి అంటున్నాను.

మా దగ్గర చేసిన పరీక్షల్లో ఫోలేట్ బాగానే ఉంది. ఉండకేం? రెండు నెలలుగా మాత్రలు వేసుకుంటున్నారు. ఒక్క పూట మంచి భోజనానికే సీరంలో ఫోలేట్ పెరుగుతుంది, కాబట్టి మాత్రల తరువాత వచ్చిన ఆ అంకెకు విలువ లేదు. మొదట్లో ఆయనకు ఫోలేట్ లోపం కూడా ఉందో లేదో మనకు ఇక ఎప్పటికీ తెలియదు. ఆ ఆధారాన్ని ఆ మాత్రలు చెరిపేశాయి.

బి12 ఎంత వచ్చింది? 236 పికోగ్రాములు. ల్యాబ్ కాగితంలో ఇది "నార్మల్" గడిలోనే ఉంది. 200 కంటే తక్కువైతే లోపం, 300 దాటితే లోపం ఉండే అవకాశం తక్కువ, మధ్యలో ఉన్నది సందేహం. ఎందుకు సందేహమంటే, రక్తంలోని బి12లో ఎక్కువ భాగం కణజాలాలకు పనికిరాని ఒక ప్రోటీన్‌కు అంటుకుని తిరుగుతుంది, పరీక్ష మొత్తాన్నీ కలిపి కొలుస్తుంది. పైగా కాలేయం దెబ్బతిన్నవారిలో ఆ అంకె తప్పుగా పైకి వెళ్తుంది. ఈయన తాగుతారని మరచిపోకండి. స్లైడు, కాళ్లు ఒక మాట చెబుతుండగా ఆ 236 ఒక్కటీ ఇంకో మాట చెబితే, నేను కాళ్లనే నమ్ముతాను.

నమ్మడానికి ఇంకో ఆధారం కావాలంటే రెండు పరీక్షలున్నాయి. ఒకటి హోమోసిస్టీన్, రెండోది మిథైల్ మలోనిక్ యాసిడ్. బి12 లేకపోతే రెండూ పెరుగుతాయి. ఫోలేట్ ఒక్కటే లేకపోతే హోమోసిస్టీన్ పెరుగుతుంది, రెండోది పెరగదు. థైరాయిడ్ మందగించినా, తాగినా హోమోసిస్టీన్ కొంత పెరగవచ్చు కాబట్టి అది ఒక్కటే తేల్చలేదు. మూత్రపిండాలు సరిగా లేకపోతే రెండూ పెరుగుతాయి, అందుకని క్రియాటినిన్ చూడకుండా ఈ పరీక్షలు చదవకూడదు. టెక్నీషియన్లకు మళ్లీ ఒక మాట. హోమోసిస్టీన్‌కు తీసిన రక్తాన్ని ఐస్‌లో పెట్టి త్వరగా వేరుచేయకపోతే, కణాల్లోంచి అది బయటికి కారుతూ అంకె పెరుగుతూ పోతుంది. ఈయనకు క్రియాటినిన్ 1.0, హోమోసిస్టీన్ 38, మిథైల్ మలోనిక్ యాసిడ్ 0.9. ఇది 0.4 లోపు ఉండాలి. రెండో పరీక్ష హైదరాబాదుకు వెళ్లి వచ్చేసరికి చాలా రోజులు పట్టింది. నేను అంతదాకా ఆగలేదు. రక్తం తీసిన సాయంత్రమే ఇంజెక్షన్ మొదలుపెట్టాను. నరాలు దెబ్బతింటున్నప్పుడు కాగితం కోసం ఎదురుచూడకూడదు.

ఇక రెండో జట్టు మిగిలింది. టీఎస్‌హెచ్ 8.4, కాని ఫ్రీ టీ4 మామూలుగానే ఉంది. థైరాయిడ్ నిజంగా మందగించినప్పుడు శరీరానికి ప్రాణవాయువు అవసరం తగ్గి, మజ్జను తట్టి లేపే సంకేతం తగ్గి, రక్తం కొంచెం తగ్గుతుంది, కణం కొంచెం పెద్దదవుతుంది. ఫ్రీ టీ4 బాగున్న మనిషిలో 112ను థైరాయిడ్ మీద వేయడం న్యాయం కాదు. అయితే దాన్ని అంతటితో వదిలేయకూడదు. థైరాయిడ్‌ను శరీరమే దెబ్బతీసుకునే జబ్బున్నవారిలో, కడుపులో బి12ను పట్టే ఏర్పాటును కూడా శరీరం దెబ్బతీసే అవకాశం మామూలు వారికంటే ఎక్కువ. అందుకే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ యాంటీబాడీలు చూశాం, లేవు. అవి లేనంత మాత్రాన ఆ జబ్బు లేదని నూటికి నూరుపాళ్లు చెప్పలేం. ఈయనకు మందులే కారణమని మాత్రం బలంగా అనిపించింది. థైరాయిడ్ మాత్ర ఇవ్వలేదు, టీఎస్‌హెచ్ మళ్లీ చూద్దామన్నాను.

మద్యం సంగతి? జీజీటీ 96, ఏఎస్‌టీ కొద్దిగా ఎక్కువ. మద్యానికి ఈ 112లో వాటా ఉందా, ఉంటే ఎంత? మొదటి రోజు ఎవరూ చెప్పలేరు. దాన్ని తేల్చింది పరీక్ష కాదు, కాలం. ఎలాగో చూడండి.

రోజు విడిచి రోజు 1000 మైక్రోగ్రాముల బి12 కండరంలోకి ఇచ్చాం. మెట్‌ఫార్మిన్ ఆపలేదు, షుగరు దానితో బాగానే ఉంది. పాంటోప్రజోల్ అవసరం లేదని తేలి మానిపించాం. ఏడో రోజు రెటిక్యులోసైట్లు 1.2 నుంచి 5 శాతానికి పెరిగాయి. మజ్జ అడిగింది బి12నేనని అదే సాక్ష్యం. మిథైల్ మలోనిక్ యాసిడ్ పరీక్ష అందుబాటులో లేనివారు ఈ ఏడో రోజు లెక్కనైనా చేయించండి, ఖర్చు చాలా తక్కువ. రెండు నెలలకు హిమోగ్లోబిన్ 13.2. నాలుగు నెలలకు 13.6. పాత ఎర్రకణాలు 120 రోజులు బతుకుతాయి కాబట్టి, నాలుగు నెలలకు ఒంట్లో ఉన్న కణాలన్నీ బి12 అందిన తరువాత పుట్టినవే. అప్పుడు ఎంసీవీ ఎంత ఉండాలి? 90ల్లో ఉండాలి. 102 ఉంది. స్లైడు చూశాను. కోల కణాలు లేవు, ఆరు తమ్మెలు లేవు. ఉన్నవి గుండ్రటి పెద్ద కణాలు. టీఎస్‌హెచ్ తనంతట తనే 5.1కి దిగింది.

ఆయన్ని పక్కన కూర్చోబెట్టి ఆ 102 చూపించాను. "ఇది మీ క్వార్టరుది" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. గబగబా ఒట్లు వేయలేదు, వెళ్లి మానేశారు. మరో నాలుగు నెలలకు ఎంసీవీ 94, జీజీటీ 41. అంటే మొదటి రోజు చూసిన 112లో పెద్ద వాటా బి12ది, చిన్న వాటా మద్యానిది, థైరాయిడ్‌కు లెక్కలోకి వచ్చే వాటా లేదు, ఫోలేట్ వాటా తెలియదు.

కాళ్లు ఏమయ్యాయని అడుగుతారు. చీలమండ దగ్గర ప్రకంపన తిరిగి వచ్చింది. కళ్లు మూసుకుని నిలబడగలుగుతున్నారు. బొటనవేలి దగ్గర ఫోర్కు పెడితే ఇప్పటికీ తెలియడం లేదు, ఏడాది దాటింది కాబట్టి ఇక వస్తుందని నేననుకోవడం లేదు. రాత్రి గట్టు మీదికి వెళ్లవలసి వస్తే టార్చి పట్టుకుని, కొడుకును వెంట పెట్టుకుని వెళ్తున్నారు.